నరసింగరావు ఇంటి కాగితాలు

నరసింగరావు ఎవరినీ నమ్మడు. ఇది నేను గిట్టక చెప్పే మాట కాదు. విజయనగరం డిపోలో నేను డ్రైవర్ని, అతను కండక్టరు. పార్వతీపురం రూటులో ఏళ్ల తరబడి ఒకే బస్సు మీద తిరిగిన వాళ్లం. ఒళ్లో కూర్చున్న పిల్లాడికి ఐదేళ్లు నిండలేదని తల్లి చెబితే, ఆమెతో వాదించడు. పిల్లాడినే ముద్దు చేసి, ఏ క్లాసు చదువుతున్నావు నాన్నా అని అడిగేవాడు. వాడు గర్వంగా రెండో క్లాసు అనేవాడు. ఇక చూడాలి ఆ తల్లి ముఖం.

అలాంటి మనిషి ఇంటికెళ్లినా అలాగే ఉంటాడు. పాలవాడి చెంబు అడుగు తడిమి చూస్తాడు. ఆదివారం చర్చికి వెళ్లాలని నేను డ్యూటీ మార్చుకుంటే, నిజంగా వెళ్లానా లేదా అని మా ఆవిడ సత్యవతిని వాకబు చేశాడు. నాకు ఒళ్లు మండిపోయి చాలా రోజులు మాట్లాడలేదు. అయినా స్నేహం తెగలేదు. పరాయి పైసా ముట్టడు, ఇచ్చిన మాట తప్పడు, అబద్ధం ఆడడు. ఈ మూడూ ఉన్న మనిషి ఎంత విసిగించినా వదులుకోబుద్ధి కాదు. నన్ను బావా అంటాడు. ఆ వరసన అతని భార్య దేముడమ్మ నన్ను అన్నయ్యా అంటుంది.

అతని అనుమానం అంటని మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, తమ్ముడు మోహనకృష్ణ. మోహనకృష్ణ కోళ్లఫారం పెట్టి ముంచాడు. మామిడితోటలు గుత్తకి తీసుకుని ముంచాడు. ప్రతిసారీ అన్నయ్య ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, ప్రతిసారీ అన్నయ్య కరిగిపోయేవాడు. పిల్లాడి వయసు కళ్లతో కొలిచే మనిషికి తమ్ముడి కన్నీళ్లు కొలవడం మాత్రం చేతకాలేదు.

గజపతినగరంలో వాళ్ల ఇల్లు ఉన్న స్థలం దేముడమ్మ తండ్రి పెళ్లినాడు పసుపు కుంకుమ కింద కూతురి పేరున రిజిస్టరు చేయించి ఇచ్చింది. ఆ స్థలం మీద బ్యాంకు లోను తీసుకుని ఇల్లు కట్టారు. లోను కాగితాల మీద మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకాలు చేశారు. అప్పుడు దేముడమ్మ చేతి కింద నుంచి కాగితం లాగుతూ, ఇక్కడ, ఇక్కడ అని అతనే వేలు పెట్టి చూపించాడు. పదిహేనేళ్లు నెలనెలా అతని జీతంలోంచి వాయిదా కోసుకున్నారు. రిటైరయ్యాక చేతికొచ్చిన దాంట్లోంచి మిగిలింది కట్టేసి, ఒక పొద్దున్న మా ఇంటికి వచ్చి, "బావా, నడు. నా కాగితాలు నేను తెచ్చుకుంటాను. సాచ్చికానికి నువ్వుండాల" అన్నాడు.

బ్యాంకులో ఇంటి లోన్ల సీటులో రేఖ అనే అమ్మాయి ఉంటుంది. ఓపిక గల పిల్ల. లోను మూసేసినట్టు, ఇక బాకీ ఏమీ లేదన్నట్టు ఉత్తరం ప్రింటు తీసి ఇచ్చింది. నరసింగరావు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చేయి మళ్లీ చాచాడు.

"ఒరిజినల్స్ ఇక్కడ ఉండవండి. విశాఖపట్నంలో మా సెంటర్ నుంచి తెప్పించాలి" అంది రేఖ.

"నేనిక్కడిచ్చిన కాగితాలు అక్కడికెందుకెల్నాయి?"

"అందరివీ అక్కడే దాస్తారండి. మీరేం కంగారు పడొద్దు. లోను తీరిన ముప్పై రోజుల్లోపు మేం ఇచ్చెయ్యాలి, రిజర్వు బ్యాంకు రూలు అది. మా వల్ల ఆలస్యమైతే రోజుకి ఐదు వేలు లెక్కన మేమే మీకు కట్టాలి."

"పోతేనో?"

"పోతే, రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్లు తీయించి ఇవ్వడం మా పని. ఖర్చు కూడా మాదే. దానికి ఇంకో ముప్పై రోజులు గడువుంటుంది."

పాపం, ఆ అమ్మాయి ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. అడిగిందానికి నిజాయితీగా జవాబు చెప్పింది. నరసింగరావుకి నిజాయితీ అంటే మరింత అనుమానం.

"తీసుకోడానికి అమ్మగారు కూడా రావాలండీ. ఇద్దరి ఆధార్ కార్డులూ తెచ్చుకోండి. ఆస్తి ఆవిడ పేరు మీద ఉంది కదా, కాగితాలు ఆవిడ చేతికే ఇస్తాం" అని కూడా చెప్పింది. నరసింగరావు అప్పటికే లేచి తలుపు దాకా వెళ్లిపోయాడు.

బయటికి రాగానే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నావా? పోతే ఏటి సెయ్యాలో కూడా ముందే ఆలోసించీసుకున్నారు. అంటే ఏటి? పోయినాయి."

"రూలు చెప్పిందిరా బాబూ."

"రూలెందుకొచ్చినాది? పోగొట్టేవోలు ఉన్నారు గనక వచ్చినాది."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ కొంచెం గుచ్చుకుంది.

తరవాత అతను ఊరుకున్నాడనుకుంటే పొరపాటే. మీసేవకి వెళ్లి ఇంటి మీద ఈసీ తీయించాడు, అంటే ఆ ఆస్తి మీద ఏయే రిజిస్ట్రేషన్లు ఉన్నాయో చూపే కాగితం. దాంట్లో బ్యాంకు పేరు కనబడింది. పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చి, ఆయాసంతో కూర్చోకుండానే చూపించాడు. "బాకీ నేదని ఉత్తరం ఇచ్చినారు. ఇల్లు ఇంకా ఆలకే తాకట్టున్నాది సూడు. ఒక సేత్తో ఇచ్చి ఇంకో సేత్తో నొక్కీసారు."

మళ్లీ ఇద్దరం రేఖ ముందు నిలబడ్డాం. ఆ అమ్మాయి నవ్వుకోకుండా చెప్పింది. లోను ఇచ్చినప్పుడు, ఫలానావారి కాగితాలు మా దగ్గర తాకట్టున్నాయని రిజిస్ట్రారు ఆఫీసులో రాయించారట. ఇప్పుడు బ్యాంకు ఆఫీసరే అక్కడికి వచ్చి, విడుదల చేశామని ఇంకో దస్తావేజు రాసి సంతకం పెట్టాలట. ఆ రెండోది ఎక్కాక తీస్తే ఈసీలో తాకట్టు విడిపోయినట్టు కనబడుతుందట. నరసింగరావు అంతా విని, ఆ మాటే ఒక కాగితం మీద రాసి సంతకం చేసి స్టాంపు వెయ్యమన్నాడు. నేను తల దించుకుని నేల చూశాను.

ముప్పై రోజులూ దాటితే బాగుణ్ణని లోలోపల ఆశ పడుతున్నాడని నాకు తెలుసు. రోజుకి ఐదు వేలన్న మాట అతనికి బాగా పట్టింది. కానీ రెండు వారాలైనా తిరక్కుండానే రేఖ ఫోను చేసింది, కాగితాలు వచ్చాయని.

"ఇంత బేగి ఎందుకొచ్చినాయి బావా?" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. "బేంకోలు ఎప్పుడైనా బేగి పని సేసినారా? కలరు జిరాక్సులు తీసీసుంటారు. అసలువి ఉంచీసుకున్నారు."

సరే, వెళ్లి చూసుకుంటే తేలిపోతుంది కదా అన్నాను. అక్కడ వచ్చింది అసలు తిరకాసు. దేముడమ్మ కదలలేదు. మొదట మోకాళ్లు నొప్పులంది. తరవాత మంగళవారం కొత్త పని పనికిరాదంది. ఆ తరవాత పొందూరులో అక్కకి ఒంట్లో బాగాలేదని బస్సెక్కి వెళ్లి, రెండు రోజులుండి వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఇతను రమ్మంటే రానని అనని మనిషి ఆవిడ. రేఖ మళ్లీ ఫోను చేసింది. కాగితాలు సిద్ధంగా ఉన్నాయనీ, మీరు రాకపోతే ఆ ఆలస్యం బ్యాంకుది కాదనీ మర్యాదగా గుర్తు చేసింది. మాటల్లో మాటగా, "అమ్మగారు మొన్న ఒకసారి వచ్చి మాట్లాడారు కదా, ఆవిడకి అంతా తెలుసండి" అంది.

అంతే. నరసింగరావు అనుమానం బ్యాంకు మీద నుంచి లేచి వచ్చి ఇంట్లో వాలింది.

"నాకు సెప్పకుండా బేంకుకి ఎందుకెల్నాది? ఆల పుట్టింటి తమ్ముడికి రాసీడానికేనా? భారతికా?" భారతి వాళ్ల కూతురు, విజయనగరంలో నర్సు. "నువ్వు అన్నయ్యవి గదా, నువ్వడుగు. నేనడిగితే తిన్నగా సెప్పదు."

నాకు ఇష్టం లేకపోయినా వెళ్లాను. దేముడమ్మ పెరట్లో కూర్చుని గోంగూర దూస్తోంది. నేను ఎత్తుకోకముందే ఆవిడే అందుకుంది.

"మీ బావ పంపినాడా అన్నయ్యా?"

ఔనన్నాను. దాచి ఏం ప్రయోజనం.

"పదిహేనేళ్లు ఆ కాగితాలు బేంకులో ఉన్నాయి గనకే మాకీ ఇల్లున్నాది. మామిడితోటల కాలంలో ఇంట్లో ఉంటే అప్పుడే ఎల్లిపోయీవి. మా మరిది అప్పుడూ అడిగినాడు. బేంకులో ఉన్నాయిరా అని మీ బావ సెప్పినాడు. బేంకు పేరు సెప్తే నోరు మూసుకున్నాడు. ఇప్పుడు మల్లీ ఒస్తన్నాడు. మట్టి తవ్వే పొక్లెయినంట, కొంటాడంట. బొబ్బిలిలో ఎవుడో ఫైనాన్సోడు అసలు కాగితాలు ఒట్టినే ఉంచుకుని డబ్బిస్తాడంట, రిజిస్ట్రారాఫీసు కూడా అక్కర్నేదంట. ఫోన్లో అనుకుంటంటే నా సెవుల్తో ఇన్నాను. కాగితాలు రానీరా, తెచ్చిస్తాను అన్నాడు మీ బావ."

"నీ పేరున ఉన్న ఇల్లు కదా చెల్లెమ్మా. నువ్వు సంతకం పెట్టకపోతే ఎవడేం చేస్తాడు?"

గోంగూర కాడ పక్కన పడేసి నా వైపు చూసింది. "నేనెప్పుడు పెట్టనన్నాను? వేలెట్టి సూపినకాడల్లా పెట్టీసినాను. అదే ఆల ధీమా. ఎదురుగా కూకుని మీ బావ సెప్తే ఈసారీ పెట్టీస్తానేమోనని నాకే బయ్యం. అందుకే ఎల్లి ఆ రేఖమ్మని అడిగినాను, ఇంకొన్నేల్లు మీకాడే ఉంచండమ్మా అని. లోను తీరిపోయాక ఉంచకూడదంట. కావాలంటే నీ ఒక్క పేర్న లాకరు తీసుకో అమ్మా, నువ్వు తప్ప ఎవరూ తెరవలేరు అన్నాది. డ్వాక్రా డబ్బులున్నాయి. తీసుకుంటాను."

ఈ మాట నరసింగరావుకి చెబితే ఆవిడని మోసం చేసినట్టు. చెప్పకపోతే అతన్ని మోసం చేసినట్టు. పైగా అతను అబద్ధం ఆడడని ఇందాకే చెప్పాను కదా. సాయంత్రం టీకొట్టు దగ్గర ఊరికే అడిగినట్టు అడిగాను, మోహనకృష్ణకి ఈ కాగితాల మీద ఏమైనా మాటిచ్చావా అని.

"ఆడికి నా కాగితాలతో ఏటి పని?" అన్నాడు. టీ గ్లాసు లోపలికి చూస్తూ అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. దేముడమ్మ తప్పుగా విందా? లేక ఇన్నాళ్లూ నేను నమ్మిన మనిషి నా ముఖం మీదే అబద్ధమాడాడా? అనుమానం అంటువ్యాధి. అతని పక్కన అన్నేళ్లు బస్సు తోలితే రానిది, ఆ ఒక్క మాటతో నాకూ అంటుకుంది.

చివరికి ఒక సోమవారం దేముడమ్మ తనే వస్తానంది. వెంకటగిరి చీర కట్టుకుని, భుజాన బట్టసంచీ వేసుకుని, కార్డులు పట్టుకుని మాకంటే ముందే గుమ్మంలో నిలబడింది. నరసింగరావుకి అదీ అనుమానమే. దారి పొడవునా ఆవిడ సంచీ వైపు చూస్తూనే నడిచాడు.

రేఖ సీలు వేసిన కవరు మా ముందే కత్తిరించింది. లోను ఇచ్చినప్పుడు ఏయే కాగితాలు తీసుకున్నారో ఆ జాబితా పక్కన పెట్టి, ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చింది. దేముడమ్మ తండ్రి రాసిన దస్తావేజు, ఆయనకి ఆ భూమి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు, పంచాయతీ మంజూరు చేసిన ప్లాను, అప్పటి ఈసీ, పన్ను రసీదులు. నరసింగరావు కళ్లజోడు తుడుచుకుని మొదలెట్టాడు. ప్రతి పేజీ లైటుకి ఎత్తి చూశాడు. స్టాంపు వెనక సిరా ఒత్తుకుందా లేదా అని వేలితో తడిమాడు. పేజీల నంబర్లు లెక్కపెట్టాడు. మామగారి వేలిముద్ర దగ్గర చాలాసేపు ఆగాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. రేఖ మాత్రం గడియారం కూడా చూడలేదు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క మూల కూడా చిరగలేదు. అతని ముఖంలో సంతోషం కంటే నిరాశే ఎక్కువ కనబడింది నాకు.

"అన్నీ అందాయని ఇక్కడ సంతకాలు చెయ్యండి. అమ్మా, ముందు మీరు" అంది రేఖ.

నరసింగరావు చెయ్యి అలవాటుగా ముందుకొచ్చి కాగితం మీద వేలు పెట్టింది. దేముడమ్మ ఆ వేలు పక్కకి జరిపి, పైనుంచి కింద దాకా పెదవులు కదుపుతూ చదువుకుంది. చదివాక సంతకం చేసింది. తరవాత అతను చేశాడు. రేఖ కాగితాలు సర్ది కవరులో పెట్టి దేముడమ్మ చేతికిచ్చింది.

"ఇలగియ్యి" అన్నాడు నరసింగరావు.

ఆవిడ ఇవ్వలేదు. కవరు సంచీలో పెట్టుకుని, "రేఖమ్మా, లాకరు తాళం" అంది.

లాకరు కాగితాలు ముందే పూర్తయినట్టున్నాయి. బ్యాంకు దగ్గరుండే రెండో తాళంచెవి పట్టుకుని ఇంకొక ఉద్యోగి వచ్చాడు. దేముడమ్మ అతని వెనక నడిచింది. నరసింగరావు కూడా కుర్చీ వెనక్కి తోసి లేవబోయాడు.

"మీరిక్కడే కూర్చోండి సార్. లాకరు అమ్మగారి పేరున ఉంది, ఆవిడ ఒక్కరే లోపలికి వెళ్లాలి" అంది రేఖ.

ఇనప తలుపు మూసుకుంది. అతను కూర్చోలేదు, నిలబడనూ లేదు, కుర్చీ చేతుల మీద బరువు పెట్టి మధ్యలో ఆగిపోయాడు. తరవాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"నీకు ముందే తెల్సా బావా?"

"తెలుసు."

"అయితే నువ్వూ దొంగవే" అన్నాడు. నేను ఆ మాట పడ్డాను. పడాల్సిందే.

అంతలో అతని ఫోను మోగింది. చెవులు సరిగ్గా వినబడవని ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు. బ్యాంకు అంతా వినేలా మోహనకృష్ణ గొంతు వచ్చింది.

"అన్నియ్యా, కాగితాలు సేతికొచ్చీసినాయా? నేనూ ఫైనాన్సు బాబూ బొబ్బిలి నుంచి వచ్చీసినాం. బేంకు ఎదరే కార్లో ఉన్నాం. నువ్వలగ బయటికొస్తే సాలు. వదిన గురించి దిగులెట్టుకోకు, నువ్వు సూపినకాడ పెడతాది."

రేఖ తల కంప్యూటరు వైపు దించేసుకుంది. నేను నరసింగరావు ముఖం చూడలేకపోయాను. ఆ టీకొట్టు దగ్గర మాట అబద్ధమేనని ఇప్పుడు తెలిసింది, తెలిసి నాకు బాధ కలిగింది. ఇనప తలుపు తెరుచుకుని దేముడమ్మ బయటికొచ్చింది. ఎప్పటి నుంచి వింటోందో గానీ అక్కడే ఆగిపోయింది. సంచీ ఖాళీగా వేలాడుతోంది.

అతను ఆవిడని చూశాడు. అరుస్తాడనుకున్నాను. అందరి ముందూ పరువు తీశావంటాడనుకున్నాను. ఇంటికి పద, నీ సంగతి చెబుతానంటాడనుకున్నాను. ఆవిడ కూడా అదే అనుకుని ఉంటుంది, సంచీ రెండు చేతులతో గుండెకి అదుముకుంది. ఆ నిలబడడం చూశాక అతని భుజాలు కిందికి దిగిపోయాయి. ఇన్నేళ్లలో తన పెళ్లాం తనకి భయపడడం అతను కళ్లారా చూడడం అదే మొదటిసారని నా నమ్మకం.

"అన్నియ్యా? ఇంటన్నావా?"

"ఇంటన్నాను" అన్నాడు. "వచ్చినాయి కాగితాలు. అన్నీ ఉన్నాయి."

"తెచ్చీ మరి."

"తేవడానికి అవి నావి కావురా. మీ వదినవి."

"అదేటన్నియ్యా, నువ్వు మాటిచ్చినావు గదా. నీ మాట మీదే నేనీ పెద్దమనిసిని తీసుకొచ్చినాను."

"ఇచ్చినాను. నాది కాందాని మీద ఇచ్చినాను" అని ఫోను కట్టేశాడు.

తమ్ముడితో అలా మాట్లాడి అతను ఎంత కోసుకుపోయాడో నాకు తెలుసు. బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. అతను ఫోను జేబులో పెట్టుకుని రేఖ వైపు తిరిగాడు.

"మరి తాకట్టు విడుదలకి రిజిస్ట్రారాఫీసన్నారు గదమ్మా, గురువారం. దానికి ఈవిడొక్కర్తీ ఒస్తే సాలా, నేనూ రావాలా?"

"మా ఆఫీసరు వస్తారండి. అమ్మగారు వస్తే చాలు."

అతను తలూపి, చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. దేముడమ్మ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

"నువ్వూ రా. ఆల కాగితాలు అనుమానంగా సూడ్డానికి నీలాటోడొకడుండాల" అంది.